మెమరీ కార్డును కాటా వేద్దాం – 2వ పాఠం: అసలు ఎన్ని జీబీలు?

పోయిన పాఠం చివర, ఇంట్లో ఉన్న కార్డుల మీద ఏం రాసుందో చూసి కాగితం మీద ఎక్కించుకోమన్నాను. అందులో ఒక్కటి గుర్తుంటే ఇవాళ్టికి చాలు. ఎస్‌డి గుర్తు పక్కన హెచ్‌సి అని ఉంటే ఆ కార్డు 32 జీబీ దాటకూడదు. 32 దాటి 2 టీబీ వరకు ఉండేవి ఎక్స్‌సి. 128 అని రాసి పక్కనే హెచ్‌సి అని అచ్చేశారంటే ఆ రెండూ ఒకే కార్డు మీద ఇమడవని అచ్చేసినవాడికి తెలియదన్నమాట. సరిగ్గా అలాంటి కార్డే ఒకటి ఆ మధ్య మా షాపు బల్ల మీదికి వచ్చింది. ఈ పాఠమంతా దాంతోనే నడుపుతాను.

మాది పాలకొల్లు వైపు. ఇక్కడ రొయ్యల చెరువుల గట్ల మీద వైఫై కెమెరాలు ఇప్పుడు మామూలైపోయాయి. మేత బస్తాలు, ఏరేటర్ల మోటార్లు పోతుంటాయి కదా, అందుకని. చెరువుల బాబాయ్ ఒకాయన కెమెరా, కార్డు రెండూ పట్టుకుని వచ్చారు.

“మోటారు ఎత్తుకుపోయారు బాబూ. కెమెరా బాగానే పనిచేస్తోంది, ఫోన్లో చెరువంతా కనపడుతోంది. దొంగతనం జరిగిన రాత్రి మాత్రం తెరుచుకోవట్లేదు.”

“కెమెరా పెట్టి ఎన్నాళ్లయిందండి?”

“పోయిన ఆదివారం కాక ముందు ఆదివారం. మోటారు పోయింది ఎనిమిదో రాత్రి.”

కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. ఫైళ్ల పేర్లు అన్ని రోజులవీ వరసగా ఉన్నాయి. మొదటి రెండు రోజులవి, మూడో రోజుది చాలావరకు, చక్కగా ఆడాయి. ఆ తర్వాత ఒక్కటీ ఆడలేదు. నకిలీ కార్డుకి ఇంతకంటే పెద్ద ఆనవాలు లేదు. పేర్లుంటాయి, లోపల సరుకుండదు.

ఎందుకలా అంటే, కార్డులో రెండు భాగాలున్నాయి అనుకోండి. ఒకటి డేటా దాచే చిప్పు, రెండోది దాని మీద గుమస్తాలాంటి కంట్రోలర్. “నీలో ఎంత చోటుంది?” అని కంప్యూటర్ అడిగితే చిప్పు మాట్లాడదు, కంట్రోలరే జవాబు చెబుతుంది. తనలో రాసి ఉన్న అంకెను చదివి వినిపిస్తుంది. నకిలీ చేసేవాళ్లు 32 జీబీ చిప్పు పెట్టి, కంట్రోలర్లో 128 అని రాసేస్తారు. ఫైళ్ల పేర్ల పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి అది నిజం చిప్పులో భద్రంగా కూర్చుంటుంది. 32 దాటాక వచ్చే డేటాను కొన్ని కార్డులు గాలికి వదిలేస్తాయి. ఇంకొన్ని తిరిగి మొదటికి వెళ్లి పాత డేటా మీదే రాసేస్తాయి. ఈ రెండో రకం అయితే పేర్ల పట్టిక కూడా చెడిపోయి, ఒకరోజు హఠాత్తుగా ఫార్మాట్ చేయమని అడుగుతుంది.

కార్డు మీద రైట్ క్లిక్ కొట్టి `Properties` చూస్తే తెలిసిపోతుంది కదా అంటారు చాలామంది. తెలియదు. అసలైన 128 జీబీ కార్డు విండోస్‌లో సుమారు 119 జీబీ అని కనపడుతుంది. కంపెనీవాళ్లు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కేయడం వల్ల వచ్చిన తేడా అది, మోసం కాదు. నకిలీ కూడా అదే 119 చూపిస్తుంది. క్విక్ ఫార్మాట్ కూడా అంతే, దర్జాగా పూర్తవుతుంది. నాలుగు పాటలు ఎక్కించి ఆడించి చూడటమూ పరీక్ష కాదు, అవి 32 లోపే ఉంటాయి కాబట్టి. ధాన్యం బస్తా మీద చీటీ చూసి డబ్బులు కట్టం కదా, కాటా వేస్తాం. కార్డుకి కాటా అంటే అంచుదాకా నింపి, నింపినదాన్ని మళ్లీ చదివి పోల్చడం. ఇంతకంటే నమ్మకమైన మార్గం లేదు.

విండోస్‌లో ఆ పని చేసేది `H2testw` అనే చిన్న ప్రోగ్రాం. ఉచితం, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ముందు కార్డులో ఉన్నదంతా వేరేచోట కాపీ చేసుకుని ఖాళీగా ఫార్మాట్ చేయండి. నిండుగా ఉన్న కార్డు మీద ఈ పరీక్ష పెట్టకండి. మిగిలిన చోటే కొలుస్తుంది, పైగా తిరిగి మొదటికి వచ్చే రకం కార్డైతే ఉన్న ఫొటోలు కూడా పోతాయి. ప్రోగ్రాం తెరిచి భాష English పెట్టండి. `Select target` నొక్కి కార్డును చూపించండి. అప్పుడొచ్చే అక్షరాన్ని రెండుసార్లు చూసుకోండి, పొరపాటున ఇంకో డ్రైవును నింపేస్తే విసుగు. `all available space` ఉంచి `Write + Verify` నొక్కండి. అది `1.h2w`, `2.h2w` అంటూ ఒక్కో జీబీ ఫైళ్లు రాసుకుంటూ పోతుంది, నిండాక మొదటి నుంచి చదువుతుంది.

దీనికి ఓపిక కావాలి. బాబాయ్ కార్డు సెకనుకి సుమారు 11 ఎంబీ చొప్పున రాసింది. ఆ లెక్కన 119 జీబీ నింపడానికి మూడు గంటలు దాటుతుంది. 20 ఎంబీ చొప్పున చదవడానికి ఇంకో గంటా నలభై నిమిషాలు. మొత్తం ఐదు గంటలకు కాస్త తక్కువ. కరెంటు పోయినా ఆగని ల్యాప్‌టాప్ మీద, స్లీప్ ఆపేసి, రాత్రి పడుకునే ముందు పెట్టేయడం నా అలవాటు. పొద్దున్నే ఇలా కనిపించింది:

```
The media is likely to be defective.
29.1 GByte OK
90.0 GByte DATA LOST
```

అసలు 29.1, పోయింది 90. ఎక్కడో ఒకచోట గీత గీసినట్టు, అంతవరకు అంతా బాగు, అక్కడి నుంచి అంతా పోయింది. 29.1 అంటే 32 జీబీ చిప్పే. కార్డు మంచిదైతే `Test finished without errors` అని వస్తుంది.

ఇప్పుడు ఎనిమిదో రాత్రి లెక్క చూడండి. ఆయన కెమెరా సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున రికార్డు చేస్తోంది. అంటే రోజుకి 10.8 జీబీ. నిజంగా 128 ఉంటే పదకొండు రోజులకు పైగా పట్టేది, మోటారు దొంగ దొరికిపోయేవాడు. 32కి మూడు రోజుల్లోపే నిండిపోయింది. నాలుగో రోజు నుంచి కెమెరా రాస్తూనే ఉంది, కార్డు పారేస్తూనే ఉంది. ఫోన్లో లైవ్ కనపడటానికి కార్డుతో పనే లేదు, అందుకే ఆయనకి అనుమానం రాలేదు.

లినక్స్ ఉన్నవాళ్లు `f3` వాడండి. కార్డు ఎక్కడ మౌంట్ అయిందో ఆ దారి ఇస్తే చాలు:

```
f3write /media/user/CARD/
f3read /media/user/CARD/
```

`f3read` చివర్లో పోయినదాన్ని రకాలుగా విడదీసి చెబుతుంది. అందులో `Overwritten` అంకె పెద్దగా ఉంటే అది మొదటికి తిరిగొచ్చే రకం. పెన్‌డ్రైవులకూ పరీక్ష ఇదే, ఒక్క అక్షరం తేడా లేదు.

ఒక జాగ్రత్త. ఎర్రగా `DATA LOST` కనపడగానే షాపువాడి మీదికి పోకండి. పాత కార్డు రీడర్లు కొన్ని 32 దాటిన కార్డులతో తడబడతాయి. వేరే రీడర్‌తో, వేరే యూఎస్‌బీ పోర్టులో ఇంకోసారి చూడండి. తప్పులు కొద్దిపాటివై అక్కడక్కడా చెదురుమదురుగా ఉంటే అది అరిగిపోయిన కార్డో, చెడ్డ రీడరో కావచ్చు. అలా కాకుండా రెండుసార్లూ 8, 16, 32 లాంటి అంకెకు కాస్త ఇవతల తెగిపోయిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. అంతా బాగుందని వచ్చినా నేను కార్డు ఒకసారి బయటికి తీసి, మళ్లీ పెట్టి `Verify` కొడతాను. కొత్తగా రాసింది తాత్కాలికంగా గుర్తుపెట్టుకుని ఏమార్చే అవకాశం అప్పుడుండదు.

వేగం సంగతి ఇదే పరీక్షలో తేలిపోతుంది, రాసే వేగం తెర మీదే ఉంటుంది. క్లాస్ 10 అన్నా, యు అక్షరంలో 1 ఉన్నా అర్థం ఒకటే, సెకనుకి కనీసం 10 ఎంబీ. యు అక్షరంలో 3 ఉన్నా, వి పక్కన 30 ఉన్నా కనీసం 30. క్లాస్ 10 కార్డు నాలుగైదు దగ్గర ఈదుతుంటే లేబుల్ అబద్ధం. 30 రావాల్సింది 25 దగ్గర ఆగితే మాత్రం ముందు రీడర్ని అనుమానించండి, యూఎస్‌బీ 2 రీడర్లు చాలావరకు అంతకంటే పెద్దగా లాగలేవు. చెరువు గట్టు కెమెరాకి అసలు ఈ వేగాలతో పని లేదు, సెకనుకి ఎంబీలో ఎనిమిదో వంతు చాలు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకి మాత్రం ఈ గుర్తే ప్రాణం.

అమ్మేవాళ్ల గురించి వచ్చే పాఠంలో వివరంగా చెబుతాను. ఇప్పటికి ఒక ముక్క. ఆన్‌లైన్‌లో ఆ కార్డు కింద నాలుగు నక్షత్రాలున్నాయి అని బాబాయ్ చూపించారు. నిజమే, కానీ ఆ మెచ్చుకోళ్లన్నీ కార్డు వచ్చిన రోజో మర్నాడో రాసినవి. 32 జీబీ నిండకుండా ఎవరికి తెలుస్తుంది? నేనైతే ఒక్క నక్షత్రం ఇచ్చినవే చదువుతాను. నెల తర్వాత ఫొటోలు తెరుచుకోలేదని ఇద్దరు ముగ్గురు రాసి ఉంటే ఆ పేజీ మూసేస్తాను. వెబ్‌సైటు పేరు పెద్దదైనా, అమ్మేది వేరేవాడై ఉండవచ్చు. `Sold by` దగ్గర ఎవరి పేరుందో చూడండి. వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, కార్డు వచ్చిన రాత్రే పరీక్ష పెట్టండి.

బాబాయ్ కార్డుకి ఆ గడువు దాటిపోయింది. “పోనీ 32 అనుకుని వాడుకోనా?” అని అడిగారు. కంప్యూటర్లో 29 జీబీకి మాత్రమే పార్టిషన్ చేసి ఇవ్వచ్చు. కానీ కెమెరాలో పెట్టి ఒక్కసారి ఫార్మాట్ కొడితే అది కంట్రోలర్నే అడుగుతుంది, అది మళ్లీ 128 అని చెబుతుంది, కథ మొదటికి వస్తుంది. అందుకని వద్దన్నాను. తెలిసిన షాపులో బిల్లుతో కొత్తది తెచ్చుకుని, “రాత్రికి పరీక్షించి తేడా వస్తే రేపు తిరిగి ఇస్తాను” అని ముందే చెప్పమన్నాను. ఆ మాటకి షాపతను వెంటనే లోపలి అరలోంచి ఇంకో కార్డు తీసి ఇచ్చాడట.

వచ్చే పాఠానికి పని: ఇంట్లో ఖాళీ చేయగలిగిన ఒక కార్డో పెన్‌డ్రైవో తీసుకుని రాత్రికి పరీక్ష పెట్టండి. మూడు అంకెలు రాసి ఉంచుకోండి. లేబుల్ మీది జీబీ, `OK` పక్కన వచ్చిన జీబీ, రాసే వేగం. పక్కన ఎక్కడ కొన్నారో, ఎంతకు కొన్నారో కూడా రాయండి.