పీఓ నిర్ధారణ మెయిల్ ఎలా రాయాలి? అట్టపెట్టెల ఆర్డరు ఒకటి తీసుకుని చూద్దాం

కొనేవాళ్లు పీఓ, అంటే కొనుగోలు ఆర్డరు, పంపుతారు. అమ్మేవాళ్లు "పీఓ అందింది సార్, థాంక్యూ" అని జవాబిచ్చి పని మొదలుపెడతారు. మూడు వారాల తర్వాత సరుకు దిగేటప్పుడు గొడవ మొదలవుతుంది. ఆ జవాబులో పీఓ అందిందని ఉంది తప్ప, అందులోని మాటలను మీరు ఎలా అర్థం చేసుకున్నారో లేదు. మీకు అర్థమైన ఆర్డరును మీ మాటల్లో తిరిగి రాసి, అవతలివాళ్ల చేత ఔననిపించుకోవడమే నిర్ధారణ మెయిల్ పని.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మీకు గాజులమండ్యం వైపు అట్టపెట్టెల యూనిట్ ఉంది. తిరుపతిలో ఆఫీసు ఉన్న పచ్చళ్ల వ్యాపారి మీకు పీఓ పంపారు. అందులో సరుకు గురించి ఉన్నది ఇంతే: "5 ప్లై బాక్స్, 335 × 250 × 130, పార్టిషన్‌తో, 2000 నంబర్లు, రేటు 42, డెలివరీ తిరుపతి." చూడ్డానికి అంతా ఉన్నట్టే ఉంటుంది.

మొదటి మెట్టు: రెండు అర్థాలొచ్చే మాటలను పట్టుకోండి

మెయిల్ రాయడం మొదలుపెట్టకముందు పీఓ ప్రింటు తీసి, ప్రతి మాట దగ్గర "దీన్ని ఇంకోలా చదవొచ్చా?" అని చూడండి. ఈ పీఓలో కొలతల దగ్గరే పెద్ద గుంట ఉంది. 335 అనేది పెట్టె లోపలి కొలతా, బయటి కొలతా?

లెక్క వేస్తే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. వాళ్ల సీసా వ్యాసం 80 మిల్లీమీటర్లు, ఎత్తు 125. పెట్టెలో నాలుగు మూళ్లు పన్నెండు సీసాలు. పొడవులో నాలుగు సీసాలకు 320, మధ్యలో మూడు పార్టిషన్ అట్టలకు ఒక్కోటి 3 చొప్పున 9, మొత్తం 329 మిల్లీమీటర్లు కావాలి. లోపలి కొలత 335 అయితే సీసాలు హాయిగా కూర్చుంటాయి. 5 ప్లై, అంటే ఐదు పొరల అట్ట మందం సుమారు 6, 7 మిల్లీమీటర్లు ఉంటుంది. 335ను బయటి కొలతగా తీసుకుని కోస్తే రెండు పక్కలా అట్ట పోగా లోపల మిగిలేది 321 మాత్రమే, నాలుగో సీసా దిగదు. ఎత్తులో ఇంకా ఘోరం. పైన రెండు మడతలు, కింద రెండు మడతలు, అంటే నాలుగు మందాలు పోతాయి. 130లో లోపల 104 దాకా మిగులుతుంది, అందులో 125 ఎత్తు సీసా నిలబెడితే మూత పడదు. రెండు వేల పెట్టెలూ పాత అట్ట కిందే లెక్క.

అందుకే "యాజ్ పర్ పీఓ", "మామూలు సైజు", "పోయినసారిలాగే" అనే మాటలు మెయిల్‌లో రాయొద్దు. పోయినసారి శాంపిల్‌లాగే కావాలంటే ఇద్దరూ సంతకం చేసిన శాంపిల్ చెరొకటి ఉండాలి, దాని మీద రాసిన తేదీ మెయిల్‌లో రావాలి. శాంపిల్ చూపి అమ్మితే సరుకు మొత్తం దానికి తగ్గట్టు ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టమే చెబుతోంది.

రెండో మెట్టు: సంఖ్యకు యూనిట్ తగిలించండి

2000 ఏమిటి? పెట్టెలా, పార్టిషన్‌తో కలిపి సెట్లా? పన్నెండు గదుల పార్టిషన్‌కు ఐదు ముక్కలు కావాలి, మూడు పొట్టివి, రెండు పొడుగువి. 42 రూపాయల్లో ఆ ఐదు ముక్కలూ ఉన్నాయో లేదో ఇప్పుడే తేల్చాలి. కట్టకు ఎన్ని అనేది కూడా రాయండి, దింపేచోట లెక్కపెట్టేది కట్టలనే.

ఇంకోటి, ప్రింటు పెట్టెల్లో కొన్ని ఎక్కువో తక్కువో రావడం ఈ పనిలో మామూలు. కానీ ఒప్పందంలో ఆ వెసులుబాటు లేకపోతే మామూలు అనే మాట మిమ్మల్ని కాపాడుతుందని నమ్ముకోలేం. వస్తు విక్రయ చట్టం 37వ సెక్షన్ ప్రకారం తక్కువ పంపితే కొనేవాళ్లు సరుకు తిప్పిపంపొచ్చు. ఎక్కువ పంపితే ఆర్డరు మేరకు తీసుకుని మిగతాది వద్దనొచ్చు, మొత్తం వద్దన్నా అనొచ్చు. కాబట్టి ఎంత శాతం తేడా ఇద్దరికీ ఒప్పుదలో, బిల్లు దేని మీదో రాయండి.

మూడో మెట్టు: చిరునామాను విడగొట్టండి

"డెలివరీ తిరుపతి" అంటే లారీ ఎక్కడ ఆగాలి? బిల్లు వెళ్లాల్సింది కె.టి. రోడ్డు ఆఫీసుకు, సరుకు దిగాల్సింది చంద్రగిరి గోడౌన్‌కు. రెండూ వేర్వేరు వరుసల్లో, పిన్‌కోడ్‌తో రాయాలి: ఆఫీసుకు 517501, చంద్రగిరికి 517101.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. అయినా పాత లెటర్‌హెడ్ల మీద చంద్రగిరి, రేణిగుంట చిరునామాల చివర "చిత్తూరు జిల్లా" అనే ఉంటోంది. బయటి ట్రాన్స్‌పోర్టు బుకింగ్‌లో ఆ చివరి మాట చూసి సరుకును చిత్తూరు లోడులో వేసే ప్రమాదం ఉంది. జిల్లా పేరు సరిచేసి రాయండి.

సరుకు విలువ 84,000 రూపాయలు, 50,000 దాటింది కాబట్టి ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం, కావాలి. అది ఒకసారి తయారయ్యాక చిరునామా దిద్దడం కుదరదు. 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాలి, దారిలో తనిఖీ అయిపోతే అదీ కుదరదు. అందుకే చిరునామా మెయిల్‌లోనే ఖాయం కావాలి.

నాలుగో మెట్టు: మెయిల్ రాయండి

పీఓకూ మీరు ఒప్పుకునేదానికీ తేడా ఉంటే దాన్ని మొట్టమొదట పెట్టండి, అటాచ్‌మెంట్‌లో దాచకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం ఎలాంటి మార్పూ లేకుండా ఉండాలి. మీరు షరతు మార్చారంటే అది కొత్త ప్రతిపాదన అవుతుంది, దానికి వాళ్లు ఔనంటేనే ఒప్పందం. వాళ్లు ఊరుకున్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోవద్దు.

విషయం: పీఓ 117 నిర్ధారణ – 2000 సెట్లు – చంద్రగిరి గోడౌన్ – మీ జవాబు కావాలి

నమస్కారం సార్,
మీ పీఓ 117 అందింది. పీఓలో లేని విషయాలు ఇక్కడ చేర్చాం, దయచేసి చూడండి: కొలతలు లోపలివి, 2000 అంటే పార్టిషన్‌తో కలిపి సెట్లు, సంఖ్యలో 2 శాతం తేడా, పన్ను అదనం, దింపేచోటు చంద్రగిరి, దించే కూలి మీది, గడువు 12 పనిదినాలు.

సరుకు: 5 ప్లై పెట్టె, లోపలి కొలతలు పొడవు 335, వెడల్పు 250, ఎత్తు 130 మిల్లీమీటర్లు. 12 గదుల 3 ప్లై పార్టిషన్.
సంఖ్య: 2000 సెట్లు. ఒక సెట్ అంటే ఒక పెట్టె, ఐదు పార్టిషన్ ముక్కలు. పెట్టెలు 20 చొప్పున 100 కట్టలు. 2 శాతం ఎక్కువతక్కువలు ఉండొచ్చు, దిగిన సంఖ్యకే బిల్లు.
రేటు: సెట్‌కు 42 రూపాయలు, పన్ను అదనం.
బిల్లు: కె.టి. రోడ్డు ఆఫీసు, తిరుపతి 517501.
దింపేచోటు: చంద్రగిరి గోడౌన్, తిరుపతి జిల్లా 517101. తీసుకునేవారి పేరు, ఫోన్ మీరు రాయగలరు. ఉదయం 10 నుంచి 5 లోపు. దించే హమాలీ కూలి మీది.
గడువు: మీ జవాబు అందిన రోజు నుంచి 12 పనిదినాలు.

పైవన్నీ సరేనని ఇదే మెయిల్‌కు జవాబివ్వండి. అది వచ్చాకే కటింగ్ మొదలుపెడతాం.

ఆ చివరి రెండు వాక్యాలు తీసేయొద్దు. గడువు వాళ్ల జవాబుతో ముడిపడి ఉంటే, వారం ఆలస్యంగా ఔనన్నవాళ్లు ఆ వారాన్ని మీ మీద వేయలేరు. "సరే, ప్రొసీడ్" అని ఒక్క ముక్క వచ్చినా చాలు.

ఐదో మెట్టు: ఫోన్‌లో వచ్చిన మార్పులు

మధ్యలో "అన్నా, ఇంకో మూడొందలు కలుపు, అవి ఆఫీసు దగ్గరే దించు" అని ఫోన్ వస్తుంది. కాదనక్కర్లేదు. ఫోన్ పెట్టేయగానే అదే మెయిల్ కిందే రాయండి: మొత్తం ఇప్పుడు 2300 సెట్లు, 2000 చంద్రగిరికి, 300 కె.టి. రోడ్డుకు, రెండు బిల్లులు, గడువు ఇంకో రెండు రోజులు. కొత్త మెయిల్ తెరిస్తే పాత లెక్క, కొత్త లెక్క విడిపోయి, గోడౌన్‌లో మనిషి పాతదే చూస్తాడు. వాళ్లు సవరించిన పీఓ పంపితే దాని నంబరు కూడా అక్కడే చేర్చి, పాతది రద్దయిందని స్పష్టంగా రాయండి. డిస్పాచ్ చూసే మీ మనిషిని, గోడౌన్‌లో సరుకు తీసుకునేవాళ్లను ఇద్దరినీ ఆ మెయిల్‌లో పెట్టండి.