కేటలాగ్‌లో ఆర్టిస్టు పరిచయం అతకడం లేదా? సమస్య ఎక్కడుందో చూద్దాం

ఎగ్జిబిషన్ కేటలాగ్‌లో ఆర్టిస్టు పరిచయానికి దొరికేది ఏడెనిమిది వరుసలే. అందులోనే చదువు, పదే పదే వచ్చే వస్తువు, ఇదివరకటి ప్రదర్శనలు మూడూ రావాలి. మూడూ ఉన్నా, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం కనిపించకపోవడమే ఎక్కువగా వచ్చే ఇబ్బంది. అందుకే ముందు దాన్నే వివరంగా చూద్దాం.

సమస్య: పరిచయం బయోడేటాలా ఉంది

ఉదాహరణకు ఒక ప్రింట్‌మేకర్‌ని ఊహించుకుందాం. ఆమె పంపిన పరిచయం ఇలా ఉంది:

"ప్రముఖ చిత్రకారిణి. చిన్ననాటి నుంచే కళలంటే మక్కువ. పెయింటింగ్‌లో డిగ్రీ, ప్రింట్‌మేకింగ్‌లో పీజీ పూర్తి చేశారు. 2012, 2013, 2014, 2016, 2018, 2019, 2021, 2023 సంవత్సరాల్లో పలు ప్రదర్శనల్లో పాల్గొన్నారు. జ్ఞాపకానికీ కాలానికీ ఉన్న సంబంధాన్ని తన కళ ద్వారా అన్వేషిస్తున్నారు."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చదివాక ఆమె వేసేది ఎలాంటి బొమ్మో ఊహకు అందదు. దీనికి కారణం రాసిన వరుసే. ఉద్యోగ దరఖాస్తులో లాగా ముందు చదువు, తర్వాత అనుభవం పెట్టి, వస్తువును చివర్లో ఒక వాక్యంతో అతికించారు. కేటలాగ్ పట్టుకున్న మనిషి అప్పటికే గోడ మీద బొమ్మ ముందు నిలబడి ఉంటాడు. "ఈ బొమ్మ ఇలా ఎందుకుంది?" అన్నదే అతని ప్రశ్న. దానికి జవాబు చెప్పే వాక్యమే పరిచయానికి వెన్నెముక కావాలి. చదువు, ప్రదర్శనలు దాన్ని పట్టుకుని నిలబడాలి.

సరిచేయాలంటే ముందు పరిచయాన్ని పక్కన పెట్టి, ఆర్టిస్టు పనులు ఒక పదీ పదిహేను వరుసగా పరిచి చూడండి. కనీసం మూడు వేర్వేరు సంవత్సరాల్లో చేసిన పనుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించేది ఏమిటో రాసుకోండి. భావం కాదు, కంటికి కనిపించేదే రాయాలి. ఈ ప్రింట్‌మేకర్ ఎచింగుల్లో కనిపించేవి కూల్చేసిన ఇళ్ళ గోడలు. వాటి మీద మేకులు కొట్టిన రంధ్రాలు, పటం తీసేసిన చోట మాయని రంగుతో మిగిలిన చతురస్రం. "జ్ఞాపకం" అన్న మాట ఇక వాడకపోయినా ఫర్వాలేదు. ఆ చతురస్రం చెప్తే చాలు.

తర్వాత ఆర్టిస్టుని ఒక్క ప్రశ్న అడగండి: "మీరు నేర్చుకున్నదాంట్లో ఈ బొమ్మల్లోకి వచ్చిందేమిటి?" డిగ్రీ పేరు అడిగితే డిగ్రీ పేరే వస్తుంది. ఇలా అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఎచింగ్‌లో రాగి రేకు మీద తప్పు గీత పడితే స్క్రేపర్‌తో గీకి, బర్నిషర్‌తో నున్నగా రుద్దుతారు. అయినా చాలాసార్లు పాత గీత నీడ ప్రింట్‌లో సన్నగా కనిపిస్తూనే ఉంటుంది. పీజీలో నేర్చుకున్న ఈ పనే ఆమెకు పద్ధతిగా మారింది. ఒకే రేకు మీద ఒక ఇంటి గోడ గీసి ప్రింట్ తీస్తారు, దాన్ని చెరిపి అదే రేకు మీద ఇంకో గోడ గీస్తారు. మొదటి గోడ నీడ రెండోదాని కింద ఉండిపోతుంది. చదువుకీ వస్తువుకీ లంకె ఇక్కడ దొరికింది.

ఇక ప్రదర్శనలు. ఎనిమిదీ పెట్టకండి, మూడు నాలుగు చాలు. పేరున్న గ్యాలరీ కదా అని కాకుండా, పని మలుపు తిరిగినవి ఏరుకోండి. ఈ పద్ధతి మొదటిసారి బయటికొచ్చిన షో, దాన్ని పెద్దగా చేసి చూపిన షో, ఇతరులతో కలిసి ప్రింట్ల మీదే జరిగిన ఒకటో రెండో గ్రూప్ షోలు. ఇప్పుడు పరిచయం ఇలా మారుతుంది:

"కూల్చిన ఇళ్ళ గోడల మీద మిగిలిన మేకు రంధ్రాలు, పటాలు తీసేసిన చోట మాయని చతురస్రాలు ఈమె ఎచింగుల్లో తరచూ కనిపిస్తాయి. పెయింటింగ్‌లో డిగ్రీ తర్వాత ప్రింట్‌మేకింగ్‌లో పీజీ చేస్తున్నప్పుడు, రాగి రేకు మీద చెరిపిన గీత పూర్తిగా పోకపోవడం ఆమెను ఆకట్టుకుంది. అప్పటి నుంచి ఒకే రేకును చెరుపుతూ, మళ్ళీ గీస్తూ వరుస ప్రింట్లు తీస్తున్నారు. ఈ పనులు మొదట 2016 సోలో ప్రదర్శనలో కనిపించాయి. 2021 సోలోలో ఒకే రేకు నుంచి వచ్చిన పన్నెండు ప్రింట్లను ఒకే గోడ మీద వరుసగా పెట్టారు. 2018, 2023లలో ప్రింట్ల గ్రూప్ షోల్లో పాల్గొన్నారు."

అసలు పరిచయంలో ప్రతి ప్రదర్శనకూ పేరు, గ్యాలరీ, ఊరు కూడా ఉండాలి. ఇది ఊహించిన ఉదాహరణ కాబట్టి ఇక్కడ వదిలేశాను. "ప్రముఖ" పోయింది, "చిన్ననాటి నుంచే" పోయింది. వాటి కోసం ఎవరూ వెతకరు.

సమస్య: వస్తువు గురించిన వాక్యం ఎవరికైనా సరిపోతోంది

ఆర్టిస్టు పేరు మూసేసి, అదే ప్రదర్శనలో ఉన్న ఇంకో ఆర్టిస్టు పేరు పెట్టి చదవండి. వాక్యం ఏమాత్రం తేడా లేకుండా సరిపోతే అది పనికిరాదు. ఎక్కువసార్లు దీనికి కారణం, ఆర్టిస్టు తన స్టేట్‌మెంట్‌లో "నేను" అంటూ రాసుకున్న ఆలోచనల్ని "ఆమె"గా మార్చి ఇక్కడికి తెచ్చేయడం. స్టేట్‌మెంట్‌లో ఆలోచనకు చోటుంది, దానికి వేరే పేజీ ఉంటుంది. పరిచయంలో వస్తువు, మాధ్యమం, చేసే తీరు ఉంటే చాలు. క్యూరేటర్ వ్యాసం కూడా తెప్పించుకుని చదవండి. అదే మాట అక్కడా ఉంటే పరిచయంలోంచి తీసేయండి.

సమస్య: ప్రింట్ అయ్యాక చూస్తే ముఖ్యమైన మాటే లేదు

పేజీలో చోటు చాలకపోతే లేఅవుట్ చేసేవాళ్ళు సాధారణంగా కింది నుంచి కోస్తారు. వస్తువు చివర్లో ఉంటే ముందు పోయేది అదే. కాబట్టి పోయినా నష్టం లేనిదాన్ని చివర పెట్టండి. పై ఉదాహరణలో గ్రూప్ షోల వాక్యం ఎగిరిపోయినా మిగతాది నిలబడుతుంది. రాయకముందే ఎన్ని పదాలు అని కాకుండా ఎన్ని అక్షరాలు పడతాయో, ఎన్ని వరుసలో అడగండి. తెలుగులో ఒక్క పదమే సగం వరుస ఆక్రమించవచ్చు.

సమస్య: వివరాలు తప్పాయని ఫోన్ వచ్చింది

ఇది అందరికీ టెన్షన్ పెట్టేదే. పొరపాట్లు దాదాపుగా ప్రదర్శనల వాక్యంలోనే దొర్లుతాయి. ఇద్దరి ప్రదర్శనను సోలో అని రాయడం ఒకటి. డిసెంబరులో మొదలై జనవరిలో ముగిసిన షోకి ఒకే సంవత్సరం వేయడం ఇంకోటి, దాన్ని 2019-20 అని రాస్తే సరిపోతుంది. కేటలాగ్ ప్రారంభానికి ముందే ప్రెస్‌కి వెళ్తుంది కాబట్టి, ఇంకా జరగని షోని జరిగినట్టు రాయకూడదు. ఈ కేటలాగ్ ఏ ప్రదర్శనదో దాన్నే జాబితాలో మళ్ళీ చేర్చనక్కర్లేదు. తేదీలను ఆర్టిస్టు జ్ఞాపకం మీద వదిలేయకుండా పాత ఆహ్వాన పత్రికలతో సరిచూసుకుని, చివరి ప్రూఫ్ మీద ఆర్టిస్టు చేత సంతకం పెట్టించుకోండి.

సమస్య: డిగ్రీ లేదు, లేదా ఇదే మొదటి ప్రదర్శన

చాలామంది ఇక్కడ "ఎన్నో ప్రదర్శనల్లో" లాంటి మాటలతో ఖాళీ నింపుతారు. అలా చేయకండి. కాలేజీ లేకపోతే ఎవరి దగ్గర, ఏ పని, ఎన్నేళ్ళు నేర్చుకున్నారో రాయండి. సైన్‌బోర్డుల దుకాణంలో ఆరేళ్ళు అక్షరాలు రాసిన చేతికి గీత మీద వచ్చిన పట్టు, ఆ బొమ్మల్లో కనిపిస్తుంటే, డిగ్రీ ఉండాల్సిన చోట ధైర్యంగా పెట్టవచ్చు. ప్రదర్శనలు లేకపోతే ఆ వాక్యం రాయకండి. బదులుగా ఈ వరుస బొమ్మలు ఏ సంవత్సరంలో మొదలుపెట్టారో, ఇప్పటికి ఎన్ని అయ్యాయో చెప్పండి. పరిచయం ఐదు వరుసలకే ముగిస్తే అలాగే వదిలేయండి.