అవశేషాల మొత్తం సున్నా రావడం లేదా? ఐదు బిందువుల కనిష్ఠ వర్గాల లెక్కలో తప్పును పట్టుకునే తీరు

కనిష్ఠ వర్గాల పద్ధతిలో సరళరేఖను చేత్తో లెక్కగట్టేవారికి ఎదురయ్యే చిక్కు సూత్రం తెలియకపోవడం కాదు. లెక్క అంతా పూర్తయ్యాక వచ్చిన వాలు, అంతరఖండం సరైనవో కావో తెలియకపోవడమే అసలు చిక్కు. చాలామంది పుస్తకం వెనక ఉన్న జవాబుతో పోల్చి చూసుకుంటారు, అది కలవకపోతే మొదటి నుంచి మళ్లీ మొదలుపెడతారు. నిజానికి అంత శ్రమ అక్కరలేదు. అవశేషాలతో వేసే రెండు చిన్న కూడికలు తప్పు ఉందని చెప్పడమే కాక, అది ఎక్కడ ఉందో, ఎంత ఉందో కూడా చెబుతాయి.

ముందుగా సరైన లెక్కను ఒకసారి చూద్దాం. ఒక బావి దగ్గర ఐదు వానల కొలతలు రాసుకున్నామని అనుకుందాం. వాన సెంటీమీటర్లలో x, బావిలో నీటి మట్టం పెరిగిన ఎత్తు అంగుళాలలో y. ఇవి లెక్క కోసం నేను ఎంచుకున్న అంకెలే గాని ఏ బావిలోనూ కొలిచినవి కావు.

```
x    y    x-4   y-8   (x-4)^2   (x-4)(y-8)
1    3    -3    -5       9          15
2    6    -2    -2       4           4
4    7     0    -1       0           0
5   11     1     3       1           3
8   13     4     5      16          20
                        30          42
```

x ల మొత్తం 20, సగటు 4. y ల మొత్తం 40, సగటు 8. వాలు b = 42/30 = 1.4, అంతరఖండం a = 8 − 1.4 × 4 = 2.4. కాబట్టి రేఖ ŷ = 2.4 + 1.4x అవుతుంది. దీని ప్రకారం అంచనాలు వరుసగా 3.8, 5.2, 8.0, 9.4, 13.6. అసలు y నుంచి అంచనాను తీసివేస్తే మిగిలేది అవశేషం e, అంటే −0.8, 0.8, −1.0, 1.6, −0.6. తీసివేత ఈ దిశలోనే జరగాలి. కొన్ని వరుసల్లో అంచనా నుంచి y ని తీసివేస్తే, కింద చెప్పే పరీక్షలన్నీ అర్థం లేకుండా పోతాయి.

ఇప్పుడు ఆ రెండు కూడికలు. మొదటిది e ల మొత్తం, రెండవది ప్రతి e ని దాని x తో గుణించి కూడిన మొత్తం. మొదటిది ఇక్కడ సున్నా. రెండవది −0.8 + 1.6 − 4.0 + 8.0 − 4.8, అదీ సున్నాయే. ఇది యాదృచ్ఛికం కాదు. అవశేషాల వర్గాల మొత్తాన్ని కనిష్ఠం చేయడానికి a తోనూ b తోనూ అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే వచ్చే రెండు సమీకరణాలు ఇవే. లెజాండ్ర్ 1805లో ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు చేసిన పనీ అదే. పుస్తకాల్లో వీటిని సాధారణ సమీకరణాలని పిలిచి, a, b లను సాధించగానే పక్కన పెట్టేస్తారు. నా దృష్టిలో వాటి అసలు ఉపయోగం లెక్క ముగిశాకే మొదలవుతుంది.

లక్షణం: e ల మొత్తం సున్నా కాలేదు

కారణం దాదాపు ఎప్పుడూ అంతరఖండంలోనే ఉంటుంది. సరైన రేఖ (సగటు x, సగటు y) అనే బిందువు గుండా, మన లెక్కలో (4, 8) గుండా, వెళ్లి తీరాలి. a తప్పితే రేఖ వాలు మారకుండానే పైకో కిందికో జరుగుతుంది, ఐదు అవశేషాలూ ఒకే మేరకు మారతాయి. ఉదాహరణకు a = 8 − 5.6 అని వేయవలసిన చోట తొందరలో 8 + 5.6 = 13.6 అని వేసినట్లయితే, ప్రతి అవశేషమూ 11.2 మేర తగ్గి, మొత్తం −56 వస్తుంది.

పరిష్కారం తేలిక. వచ్చిన మొత్తాన్ని బిందువుల సంఖ్యతో భాగించి, ఆ విలువను a కి కలపాలి. −56 ను 5 తో భాగిస్తే −11.2, 13.6 కి దాన్ని కలిపితే 2.4. అంచనాల పట్టికను కూడా తిరిగి వేయనవసరం లేదు, ప్రతి అవశేషం నుంచి −11.2 ను తీసివేస్తే చాలు. అయితే ఈ సవరణ వల్ల a మన చేతిలో ఉన్న b కి సరిపోతుందే తప్ప, b సరైనదని రుజువు కాదు. అందుకే రెండవ కూడికను వదిలిపెట్టకూడదు.

లక్షణం: e ల మొత్తం సున్నాయే, కానీ xe ల మొత్తం సున్నా కాలేదు

ఇది మొదటిదానికన్నా ప్రమాదకరం. మొదటి పరీక్ష నెగ్గగానే చాలామంది కలం మూసేస్తారు. తప్పు వాలు నుంచి అంతరఖండాన్ని తప్పు లేకుండా లెక్కించినా e ల మొత్తం సున్నాయే వస్తుంది, ఎందుకంటే (4, 8) గుండా ఏ వాలుతో గీసిన రేఖకైనా అది సున్నాయే. కాబట్టి ఇక్కడ దోషం వాలులో ఉంది.

నేను దిద్దిన కాగితాల్లో ఎక్కువగా కనబడిన దోషం గుర్తులది. మొదటి వరుసలో (−3)(−5) ను −15 అని రాస్తే గుణకార నిలువు మొత్తం 42 కు బదులు 12 అవుతుంది, b = 0.4, a = 8 − 1.6 = 6.4 అవుతాయి. అప్పుడు అవశేషాలు −3.8, −1.2, −1.0, 2.6, 3.4. వాటి మొత్తం సున్నా. కానీ x తో గుణించి కూడితే −3.8 − 2.4 − 4.0 + 13.0 + 27.2 = 30 వస్తుంది. ఈ 30 ని x విచలనాల వర్గాల మొత్తమైన 30 తో భాగిస్తే 1. మన 0.4 కి దాన్ని కలిపితే 1.4, సరైన వాలు. రెండు ముప్పైలు ఇక్కడ కలవడం కాకతాళీయమే. భాజకం మాత్రం ఎప్పుడూ x విచలనాల వర్గాల మొత్తమే. అంటే ఆ మొత్తం సరిగ్గా ఉందని ముందు నమ్మకం కుదరాలి. వర్గాలు గనుక అందులో ఒక్క ఋణ సంఖ్య కనబడినా ముందు దాన్ని దిద్దుకోవాలి.

అవశేషాల వరుసను కంటితో చూసినా ఈ దోషం పసిగట్టవచ్చు. x పెరిగే క్రమంలో అవి ఋణం నుంచి ధనానికి మెట్లు ఎక్కినట్టు పోతున్నాయి. సరైన రేఖ దగ్గర గుర్తులు −, +, −, +, − అని కలగాపులగంగా ఉన్నాయి.

లక్షణం: సూత్రం సరైనదే, అంకెలు సరైనవే, అయినా జవాబు ఎక్కడికో పోయింది

x స్థానంలో సంవత్సరాలు ఉన్నప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. అవే y విలువలకు x గా 2001, 2002, 2004, 2005, 2009 తీసుకుందాం. సగటు 2004.2. దశాంశం ఎందుకులెమ్మని దాన్ని 2004 చేసి, x వర్గాల మొత్తం నుంచి 5 × సగటు వర్గాన్ని తీసివేసే పొట్టి సూత్రాన్ని వాడితే ఏమవుతుందో చూడండి.

```
20084127 - 5 × 2004.2^2 = 38.8
20084127 - 5 × 2004^2   = 4047
```

రెండు కోట్లు దాటిన రెండు సంఖ్యల తేడాగా చిన్న సంఖ్యను రాబట్టడమే దీనికి కారణం. సగటులో పోయిన 0.2 ఆ తేడాను నూరు రెట్లకు పైగా పెంచేసింది. అదే 2004 నుంచి విచలనాలు తీసి వర్గాలు కూడితే 9 + 4 + 0 + 1 + 25 = 39, అంటే అసలు విలువకు 0.2 మాత్రమే ఎక్కువ. చేత్తో చేసేటప్పుడు పొట్టి సూత్రం పొట్టిగా కనబడుతుందే గాని, నేనైతే విచలనాల పట్టికనే వేయమంటాను.

వాలును దశాంశాలకు కుదించడంలోనూ ఇదే గొయ్యి ఉంది. ఇక్కడ గుణకార నిలువు మొత్తం 47, కాబట్టి b = 47/38.8 = 1.21134, దానితో a = −2419.768. తర్వాత అంచనాలు వేసేటప్పుడు b ని 1.21 గా వాడితే, కోల్పోయిన 0.00134 ను 2004.2 తో గుణించినట్టవుతుంది. ప్రతి అవశేషమూ సగటున 2.69 మేర పెరిగి, e ల మొత్తం 13.4 దగ్గర తేలుతుంది. దీనికి పరిష్కారం x నుంచి 2004 ను ముందే తీసివేసి −3, −2, 0, 1, 5 తో లెక్క చేయడం. వాలు మారదు, అంతరఖండం 7.758 అవుతుంది, కుదింపు దోషం చెప్పుకోదగినంత ఉండదు. చివరి వరకూ b ని 47/38.8 అనే భిన్నంగా ఉంచుకోవడం ఇంకా మేలు.

లక్షణం: రెండు మొత్తాలూ సున్నాయే, కానీ వాలు 0.656 వచ్చింది

మళ్లీ బావి లెక్కకు వద్దాం. x, y నిలువులు తారుమారైతే భాజకం y విచలనాల వర్గాల మొత్తమైన 64 అయి, 42/64 = 0.656 వస్తుంది, ఆ తారుమారు లెక్కలో రెండు పరీక్షలూ నెగ్గుతాయి. అది వాన నుంచి నీటి మట్టాన్ని కాక, నీటి మట్టం నుంచి వానను అంచనా వేసే రేఖ. తలకిందులు చేస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే, 1/0.656 అంటే 1.52, 1.4 కాదు. వాలుకు యూనిట్లు రాస్తే విషయం బయటపడుతుంది. మనకు కావలసింది సెంటీమీటరు వానకు ఎన్ని అంగుళాలు అన్నది. పట్టికలోకి అంకెను తప్పుగా ఎక్కించినా ఈ పరీక్షలు పట్టుకోలేవు, మూల కాగితంతో సరిచూడడం తప్ప దారి లేదు.

లక్షణం: అవశేషాల ప్రామాణిక దోషం కంప్యూటరు చూపినదానికన్నా తక్కువ వచ్చింది

అవశేషాల వర్గాల మొత్తం 0.64 + 0.64 + 1.00 + 2.56 + 0.36 = 5.2. దీన్ని 5 తో భాగించి వర్గమూలం తీస్తే 1.02, ఎక్సెల్‌లో `STEYX` ఇచ్చేది 1.32. అది 3 తో భాగిస్తుంది. ఎందుకు 3 అన్నది మన రెండు కూడికల్లోనే ఉంది. మొదటి మూడు అవశేషాలు −0.8, 0.8, −1.0 మాత్రమే తెలుసనుకోండి. e ల మొత్తం సున్నా కావాలంటే మిగిలిన రెండింటి మొత్తం 1.0 కావాలి. xe ల మొత్తం సున్నా కావాలంటే 5 × నాలుగవది + 8 × ఐదవది = 3.2 కావాలి. ఈ రెండు సమీకరణాలను సాధిస్తే నాలుగవది 1.6, ఐదవది −0.6 అని వాటంతట అవే తేలిపోతాయి. ఐదు అవశేషాలున్నా స్వేచ్ఛగా మారగలిగినవి మూడే.