దసరాకు ఫ్లాట్ బుక్ చేస్తున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇవి చూడండి

చదరపు అడుగు రేటును కార్పెట్ ఏరియాతో, అంటే ఇంటి లోపల వాడుకునే స్థలంతో మళ్లీ లెక్కించండి. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. హైదరాబాద్‌లో అడుగుకు 6,000 అంటే సాధారణంగా మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలాల వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ మీద చెప్పే ధర. 1,500 అడుగులకు 90 లక్షలు. లోపల వాడుకునేది 1,050 అడుగులే అయితే అసలు రేటు 8,571. పక్క వెంచర్‌లో 6,300 చొప్పున 1,400 అడుగులకు 88.2 లక్షలు, కార్పెట్ 1,060. అక్కడ పడేది 8,321. ఖరీదుగా కనిపించిందే చవక!

కార్పెట్ అంకెను బ్రోచర్‌లో కాదు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా వెబ్‌సైట్‌లో చూడండి. చదరపు మీటర్లలో ఉంటే 10.764తో గుణించండి.

బాల్కనీని విడిగా అడగండి. 2016 రెరా చట్టం ప్రకారం కార్పెట్‌లో లోపలి గోడలు కలుస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, సర్వీస్ షాఫ్టులు కలవవు. బయటి గోడలు, బాల్కనీ కలిపితే బిల్టప్. దానికి మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్‌హౌస్ వాటా చేర్చితే సూపర్ బిల్టప్. ఆ వాటా ఎంతన్నది బిల్డర్ ఇష్టం.

పార్కింగ్ ఆ అడుగుల్లోనే ఉందా, విడిగా వసూలు చేస్తారా? కొందరు రెండూ చేస్తారు.

అగ్రిమెంట్‌లో కార్పెట్ అంకె రాయించండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడం చట్టవిరుద్ధం.