గడ్డంలో పొట్టు: ఎండిన చర్మమా, చుండ్రా?

గడ్డం పెంచుకున్నవారి చొక్కా మీద తెల్లటి పొట్టు రాలడం మొదలైతే సాధారణంగా తోచే మొదటి ఆలోచన చర్మం ఎండిపోయిందని, మొదటి వైద్యం కొబ్బరినూనె. కొందరికి ఇది సరిపోతుంది, మరికొందరికి సరిగ్గా ఇదే సమస్యను పెంచుతుంది. ఒకేలా కనిపించే పొట్టుకు రెండు వేర్వేరు కారణాలు ఉండటమే దీనికి మూలం.

మొదట తేల్చుకోవలసినది

పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, గడ్డం వెంట్రుకలను వేళ్లతో పాయలుగా విడదీసి అడుగున ఉన్న చర్మాన్ని చూడాలి. పొట్టు సన్నగా, పొడిగా, పిండిలా రాలుతూ, ముఖం కడుక్కున్న కాసేపటికే చర్మం బిగుసుకున్నట్లు అనిపిస్తే అది ఎండిన చర్మం. పొట్టు కొంచెం పసుపుపచ్చగా, జిడ్డుగా చర్మానికి అంటుకొని ఉండి, దాని కింద ఎర్రదనం కనిపిస్తే అది చుండ్రు జాతికి చెందినది. వైద్యులు దీనిని సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. నల్లని చర్మం మీద ఎర్రదనం స్పష్టంగా తెలియకపోవచ్చు. చుట్టుపక్కల కంటే పాలిపోయిన లేదా ముదిరిన మచ్చగా మాత్రమే కనిపించవచ్చు. అందువల్ల మరొక గుర్తును కూడా చూసుకోవడం మంచిది: కనుబొమలు, ముక్కుకు ఇరువైపులా ఉన్న మడతలు, చెవుల వెనుక భాగం, మాడు. అక్కడ కూడా పొట్టు ఉంటే కారణం దాదాపుగా చుండ్రే.

సమస్య: నూనె రాసినకొద్దీ పొట్టు, దురద పెరుగుతున్నాయి

మా కార్యాలయంలో పనిచేసే 30 ఏళ్ల మిత్రుడొకరు రెండు నెలల పాటు రోజూ స్నానం తరువాత గడ్డానికి కొబ్బరినూనె పట్టించారు. రాసిన రోజు పొట్టు కనిపించకపోవడంతో పనిచేస్తోందనే అనుకున్నారు. నిజానికి నూనె పొట్టును తడిపి చర్మానికి అతికించి దాచింది తప్ప తగ్గించలేదు. మరునాటికి అది మరింత మందంగా లేచేది. ఆయన కనుబొమలలో కూడా పొట్టు ఉన్న సంగతిని ఎవరూ గమనించలేదు.

మన చర్మం మీద మలసేజియా అనే ఈస్ట్ సహజంగానే నివసిస్తుంది. ఇది తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తానే తయారుచేసుకోలేదు కనుక చర్మంలోని జిడ్డును విడగొట్టి తింటుంది. అలా విడిపోయిన ఆమ్లాలు కొందరి చర్మాన్ని రేపి, దురదను, పొట్టును పుట్టిస్తాయి. కొబ్బరినూనె, బాదంనూనె వంటివి ఆ ఈస్ట్‌కు తిండి అందించినట్లే అవుతాయి. గడ్డం ఒత్తుగా ఉన్నచోట సబ్బు, నీరు అడుగుకు సరిగా చేరకపోవడం దీనికి తోడవుతుంది.

పరిష్కారం నూనె మానడంతో మొదలవుతుంది. ఆ తరువాత మందుల దుకాణంలో దొరికే 2 శాతం కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, నాలుగు వారాల పాటు వాడాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు షాంపూను వెంట్రుకలకు రుద్ది వెంటనే కడిగేయడం. మందు పనిచేయవలసింది చర్మం మీద కనుక, తడి గడ్డంలోకి వేళ్ల కొసలతో అడుగు వరకు చేర్చి, గోళ్లు తగలకుండా మృదువుగా రుద్ది, ఐదు నిమిషాలు ఉంచి, ఆ తరువాతే గోరువెచ్చని నీటితో కడగాలి. పొట్టును గీకి తీయడం వల్ల చర్మం పుండవుతుంది తప్ప ప్రయోజనం లేదు. ఈ షాంపూ వెంట్రుకలను కొంత బిరుసుగా చేస్తుంది. నూనె లేని తేలికైన మాయిశ్చరైజర్ అందుకు సరిపోతుంది.

మా మిత్రునికి రెండో వారానికి దురద, నాలుగో వారానికి పొట్టు పోయాయి. నయమైందని పూర్తిగా మానేయడంతో రెండు నెలలకు మళ్లీ మొదలైంది. ఆ ఈస్ట్ చర్మం మీద ఎప్పుడూ ఉండేదే కాబట్టి, తగ్గిన తరువాత కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి ఆ షాంపూ వాడుతూ ఉండవలసిందే.

సమస్య: పొడి పొట్టు, కడిగిన తరువాత చర్మం బిగుసుకోవడం

ఇక్కడ సాధారణంగా దోషి ఒంటికి వాడే సబ్బే. చర్మం స్వభావంగా కొంచెం ఆమ్లగుణం కలది, సబ్బు క్షారగుణం కలది. రోజూ రెండుపూటలా రుద్దితే చర్మపు పై పొరలోని సహజమైన కొవ్వులు కొట్టుకుపోతాయి. హైదరాబాద్‌లోని చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చే బోరునీళ్లు దీనిని మరింత చెడగొడతాయి. కఠిన జలంలోని కాల్షియం సబ్బుతో కలిసి బకెట్ అంచుకు పట్టే తెల్లటి తెట్టు వంటిదే గడ్డం అడుగున కూడా మిగులుతుంది. ఒక్కోసారి మనం చర్మపు పొట్టు అనుకుని చూసేది ఈ తెట్టునే!

సబ్బు స్థానంలో సబ్బురహితమని రాసి ఉన్న ఫేస్‌వాష్‌ను రోజుకు ఒకసారి వాడి, రెండోపూట వట్టి నీటితో కడిగితే చాలు. నీరు మరీ కఠినమైతే చివరి కడుగుకు ఒక మగ్గు ఫిల్టర్ నీటిని వాడవచ్చు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే శనగగింజంత మాయిశ్చరైజర్‌ను బుగ్గలు, గడ్డం కింద చుక్కలుగా పెట్టి, వెంట్రుకల మీద కాకుండా వాటి మధ్యనుంచి చర్మానికి చేర్చాలి. గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్నది మంచిది. నూనె ఇష్టమైనవారు మాయిశ్చరైజర్ తరువాత మూడు నాలుగు చుక్కలు వెంట్రుకలకు మాత్రమే రాసుకోవచ్చు. నూనె తేమను ఇవ్వదు, ఉన్న తేమను ఆపుతుంది, కనుక ఎండిన చర్మం మీద ముందుగా రాయడం వల్ల లాభం తక్కువ.

సమస్య: బుగ్గ అంచున, మెడ మీద మాత్రమే మంట, పొట్టు

గడ్డానికి ఆకృతి ఇచ్చేందుకు గీసే అంచుల దగ్గర మాత్రమే ఇబ్బంది ఉంటే అనుమానించవలసింది ఆఫ్టర్‌షేవ్‌ను. చల్లగా చురుక్కుమనిపించే లోషన్లలో ఎక్కువ భాగం ఆల్కహాలే. రేజరు అప్పుడే పై పొరను గీకిన చర్మాన్ని అది మరింత ఎండబెడుతుంది. దాని బదులు ఆల్కహాలు, సువాసన లేని బామ్‌ను గీసిన చోట మాత్రమే రాయాలి. పటిక వాడేవారు తడిపి ఒకసారి రుద్ది, నిమిషం తరువాత కడిగేయాలి. అలాగే వదిలేస్తే అది కూడా చర్మాన్ని బిగించి పొట్టు లేపుతుంది. రాసిన ఒకటి రెండు రోజులకు దద్దురు, దురద వస్తే అది ఎండు కాదు, సువాసన ద్రవ్యం పడకపోవడం కావచ్చు. ఆ సీసాను పక్కన పెట్టాలి.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

అంచు ఉబ్బిన గుండ్రటి మచ్చ, చీము పొక్కులు, లాగితే నొప్పి లేకుండా ఊడివచ్చే వెంట్రుకలు కనిపిస్తే అది గడ్డానికి సోకిన తామర కావచ్చు. దానికి నోటి ద్వారా తీసుకునే మందు అవసరమవుతుంది. దళసరి వెండిరంగు పొలుసులు ఉన్నా, షాంపూను నాలుగు వారాలు సరిగా వాడినా తగ్గకపోయినా చర్మవైద్యునికి చూపించాలి. దుకాణదారు చేతికిచ్చే మిశ్రమ క్రీములను మాత్రం రాయకూడదు. వాటిలోని బలమైన స్టెరాయిడ్ రెండు రోజుల్లో ఎర్రదనాన్ని అణచి, తామరను మాత్రం లోలోపల పాకనిస్తుంది, ఆ తరువాత చూసే వైద్యునికి కూడా మచ్చ ఆకారం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.