మార్కుల రూబ్రిక్ సరిగా ఉందో లేదో పరీక్షించడం ఎలా?

ప్రాజెక్టు పనులకు మార్కులు వేయడానికి మన బడుల్లో తయారయ్యే రూబ్రిక్‌లు చూపుకు నిండుగానే ఉంటాయి. ఎడమ వైపు ప్రమాణాలు, పైన స్థాయిలు, ప్రతి గడిలోనూ ఒక వాక్యం కనిపిస్తాయి. ఆ పట్టికను పిల్లల నివేదికల పక్కన పెట్టుకుని మార్కులు వేసేదాకా అందులోని లోపాలు బయటపడవు, బయటపడేసరికి మార్కులు రిజిస్టరులోకి ఎక్కిపోయి ఉంటాయి. గోదావరి డెల్టాలోని ఉన్నత పాఠశాలల్లో ఏళ్ల తరబడి ఇటువంటి పట్టికలను సరిచూస్తూ వచ్చిన నాకు ఎక్కడ చూసినా అవే మూడు తప్పులు ఎదురవుతున్నాయి: రెండు ప్రమాణాలు ఒకే విషయాన్ని కొలుస్తాయి, స్థాయిల వర్ణనలు చదివినవారికి తోచినట్టు అర్థమవుతాయి, ముఖ్యమైనదానికీ కానిదానికీ సమానంగా మార్కులు పంచబడతాయి. వీటిని ఇదే వరుసలో పరీక్షించాలి. ప్రమాణాలు కలిసిపోయి ఉండగా మార్కుల పంపకం గురించి ఆలోచిస్తే చేసిన లెక్కంతా మళ్లీ చేయవలసి వస్తుంది.

ఉదాహరణకు ఒకే పట్టికను తీసుకుందాం. రెండో పంటగా వరి సాగయ్యే దాళ్వా మీద తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ప్రాజెక్టు ఇది: "దాళ్వాలో మన శివారు పొలాలకు నీరు ఎందుకు ఆలస్యంగా అందుతోంది?" కాలువ మొదట్లో ఉన్న లాకు దగ్గరా, శివారులోనూ నీటి వేగం కొలవాలి, రైతులతోనూ కాలువ నీటిని చూసుకునే లస్కరుతోనూ మాట్లాడాలి, కారణం రాయాలి. రూబ్రిక్‌లో అయిదు ప్రమాణాలు ఉన్నాయి: విషయ అవగాహన, సమాచార సేకరణ, విశ్లేషణ, భాష, అలంకరణ. ఒక్కోదానికి 4 మార్కులు, మొత్తం 20.

కావలసినవి

ఒకే కాగితం మీద అచ్చు వేసిన రూబ్రిక్, పిల్లలు నిజంగా రాసిన నాలుగు నివేదికలు, ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు, మీతో పాటు మార్కులు వేయగల మరో ఉపాధ్యాయుడు ఉంటే చాలు. రూబ్రిక్ ఒక్క కాగితంలో పట్టకపోతే పరీక్ష మొదలుపెట్టవద్దు, ముందు దానిని తగ్గించండి. పరీక్ష పూర్తయ్యేసరికి ప్రమాణాలు నాలుగు దాటకూడదు. స్థాయిలు కూడా నాలుగే ఉండాలి, ఎందుకంటే మూడో అయిదో ఉంటే చేయి దానంతట అదే మధ్య గడి మీదికి పోతుంది.

మొదటి మెట్టు: ఏ రెండు ప్రమాణాలు ఒకటే అవుతున్నాయో పట్టుకోవడం

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టు దగ్గర నిదానించండి.

ప్రమాణాల పేర్లు వేరుగా ఉన్నంత మాత్రాన అవి వేరైపోవు. ఒక నివేదిక తీసుకుని, మొదటి ప్రమాణానికి మార్కు వేయడానికి మీరు అందులో ఏ వాక్యాలను చూశారో వాటి కింద ఎర్ర గీత గీయండి. రెండో ప్రమాణానికి చూసిన వాక్యాల కింద నీలం గీత గీయండి. ఒక అమ్మాయి నివేదికలో ఈ వాక్యాలున్నాయి: "లాకు దగ్గర కొబ్బరి మట్ట ముక్క 20 మీటర్లు పోవడానికి 50 సెకన్లు పట్టింది, శివారులో 100 సెకన్లు పట్టింది. శివారు వైపు గుర్రపుడెక్క కాలువంతా పరుచుకుని ఉంది, అందుకే అక్కడ వేగం సగమైంది." విషయ అవగాహనకు మార్కు వేస్తూ రెండో వాక్యం కింద ఎర్ర గీత గీశాను. విశ్లేషణకు వచ్చేసరికి నీలం గీత కూడా అదే వాక్యం కింద పడింది. మిగిలిన మూడు నివేదికల్లోనూ అలాగే జరిగింది. అంటే పట్టికలో రెండు వరుసలు ఉన్నా కొలుస్తున్నది ఒక్కటే. కారణం సరిగా రాసిన పిల్లకు రెండుసార్లు మార్కులు పడుతున్నాయి, రాయలేని పిల్లవాడికి ఒకే తప్పుకు రెండుసార్లు కోత పడుతోంది.

గీతలు కలిసిన తరువాత ఇంకొక ప్రశ్న వేసుకోవాలి. మొదటి ప్రమాణంలో పై స్థాయిలోనూ రెండో ప్రమాణంలో కింది స్థాయిలోనూ ఉండే నివేదికను ఊహించగలరా? అటునుంచి ఇటు కూడా ఊహించగలరా? సమాచార సేకరణ, భాష అనే జంటకు ఇది తేలిక. కొలతలన్నీ చక్కగా తీసుకుని వాక్యం సరిగా కట్టలేని పిల్లవాడు ఉంటాడు, కొలత ఒక్కటీ లేకుండా చదువుకోవడానికి హాయిగా రాసిన పిల్లవాడూ ఉంటాడు. విషయ అవగాహన, విశ్లేషణ అనే జంటకు ఈ పట్టికలోని వర్ణనలు పెట్టుకుని నేను ఎంత ప్రయత్నించినా అటువంటి నివేదికను ఊహించలేకపోయాను. రెండు వైపులా ఊహించలేకపోతే ఆ రెంటినీ కలిపేయాలి. ఇక్కడ వాటిని కలిపి కారణ వివరణ అని పేరు పెట్టాము.

రెండు వరుసల మార్కులు పిల్లలందరికీ దగ్గరదగ్గరగా వచ్చినంత మాత్రాన ఆ ప్రమాణాలు ఒకటేనని తీర్మానించవద్దు. శ్రద్ధగా పనిచేసే పిల్లలకు కొలతలూ బాగా వస్తాయి, భాషా బాగుంటుంది. అది పిల్లల గుణమే గాని పట్టికలోని లోపం కాదు. మార్కుల జాబితాలను కంప్యూటరులో వేసి సంబంధం చూసే పద్ధతిని కొందరు ఇష్టపడతారు. ఆ సంఖ్య మార్కులు కలిసి నడుస్తున్నాయని చెబుతుంది గాని, ఏ వాక్యాన్ని చూసి ఆ మార్కులు వేశారో చెప్పదు. రెండు రంగుల గీతలు ఆ వాక్యాన్నే చూపిస్తాయి కాబట్టి నేను వాటినే నమ్ముతాను.

ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ప్రమాణాలను పొరపాటున కలిపేయడం ఇంతకంటే పెద్ద ప్రమాదం. కొలత లేకుండా కారణం చెప్పలేరు కాబట్టి సమాచార సేకరణ, కారణ వివరణ ఒకటేనని ఒక మాస్టారు నాతో గట్టిగా వాదించారు. అవి ఒకటి కావు. ఇంకొక నివేదికలో ఒక పిల్లవాడు టేపు వాడకుండా అంగలతో దూరం కొలిచాడు. లాకు దగ్గర అతడు 20 మీటర్లు అనుకున్నది 15 మీటర్లే, శివారులో మాత్రం సరిగానే కొలిచాడు. దానివల్ల లాకు దగ్గరి వేగం ఉన్నదానికంటే ఎక్కువగా తేలింది, శివారులో నీరు నెమ్మదిస్తున్నదని రాసిన తేడా కూడా పెరిగిపోయింది. అయితే తనకు వచ్చిన అంకెల నుంచి అతడు చేసిన తర్కం సరిగ్గా ఉంది. కొలతలో చేసిన తప్పుకు సమాచార సేకరణ దగ్గర మార్కులు తగ్గించాలి, కారణ వివరణ దగ్గర మళ్లీ తగ్గించకూడదు. ఇది జరగాలంటే ఆ వరుస వర్ణనలోనే "విద్యార్థి తాను సేకరించిన సమాచారం నుంచి" అని రాయాలి. ఆ మాటలు లేకపోతే మార్కులు వేసేవారు, తమకు తెలియకుండానే, ఒకే తప్పును రెండు చోట్ల లెక్కిస్తారు.

కలిపేసిన తరువాత ప్రతి వరుసకూ పక్కన "ఎక్కడ చూడాలి" అని ఒక చిన్న గడి పెట్టండి. సమాచార సేకరణకు కొలతల పట్టిక, మాట్లాడినవారి మాటలు. కారణ వివరణకు "అందుకే", "కాబట్టి" అని వచ్చే వాక్యాలు. ఒకే చోటు రెండు గడుల్లో కనిపిస్తే పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.

రెండో మెట్టు: స్థాయిల వర్ణనలు

"చాలా బాగా వివరించారు", "బాగా వివరించారు", "కొంతవరకు వివరించారు" అనే వర్ణనల్లో క్రియ ఒకటే, మారుతున్నది దాని ముందున్న మాట మాత్రమే. ఆ మాటలను వేలితో మూసి చదవండి. నాలుగు గడులూ ఒకేలా వినిపిస్తే ఆ వరుసలో వర్ణన అంటూ లేనట్టే. నివేదికలో ఏమి మారితే స్థాయి మారుతుందో అదే రాయాలి. కారణ వివరణలో పై స్థాయికి "రెండు చోట్ల కొలతల మధ్య తేడాను చూపి, ఆ తేడాకు చెప్పిన కారణం మరొకటి ఎందుకు కాదో కూడా రాశారు" అని రాయవచ్చు. దాని కింద "తేడాను చూపి కారణం చెప్పారు", ఆ కింద "కారణం చెప్పారు గాని కొలతలతో ముడిపెట్టలేదు", చివరగా "కారణం లేదు" అని రావాలి.

అస్పష్టత పోగొట్టాలని సంఖ్యల వైపు పరుగెత్తవద్దు. "అయిదుగురు రైతులతో మాట్లాడారు" అని రాస్తే మార్కులు వేయడం సులభమే, కాని పిల్లలు అయిదు పేర్లు రాసుకొచ్చి ఒక్కరి మాట కూడా తీసుకురారు.

వర్ణనలు నిలుస్తాయో లేదో తెలుసుకోవడానికి మీరూ మీ సహోపాధ్యాయులూ అవే నాలుగు నివేదికలకు విడివిడిగా, మాట్లాడుకోకుండా స్థాయిలు వేయండి. ఏ గడిలోనైనా ఒక స్థాయి కంటే ఎక్కువ తేడా వస్తే ఆ వర్ణనను తిరగరాయండి. ముందు కూర్చుని మాట్లాడుకుని ఒక అవగాహనకు వచ్చి మార్కులు వేస్తే తేడా కనిపించదు, ఎందుకంటే ఆ అవగాహన మీ ఇద్దరి మధ్యా ఉంటుంది గాని కాగితం మీదికి రాదు.

మూడో మెట్టు: మార్కులు దేనికి పోతున్నాయో చూడటం

ప్రాజెక్టు ఉద్దేశాన్ని ఒక వాక్యంలో రాసుకోండి: పిల్లలు స్వయంగా కొలిచి, కొలతల నుంచి కారణం చెప్పగలగాలి. తరువాత రెండు నివేదికలకు పాత పట్టికతో మార్కులు వేయండి. ఒకటి ఆ ఉద్దేశాన్ని నెరవేర్చి చూపుకు పేలవంగా ఉన్నది, రెండోది అందంగా ఉండి ఉద్దేశాన్ని అందుకోనిది. కొబ్బరి మట్ట ముక్కతో వేగం కొలిచిన అమ్మాయికి అవగాహనలో 3, సేకరణలో 4, విశ్లేషణలో 4, భాషలో 2, అలంకరణలో 1 వచ్చి మొత్తం 14 అయింది. ధవళేశ్వరం బ్యారేజీ బొమ్మను రంగుల్లో వేసి, పాఠంలోని పేరాలు ఎత్తి రాసి, ఒక్క చోట మాత్రమే వేగం కొలిచిన నివేదికకు 3, 2, 2, 4, 4 వచ్చి మొత్తం 15 అయింది. అట్ట మీది రంగులు కాలువ దగ్గర నిలబడి చేసిన కొలతను ఓడించాయి. ఈ పంపకాన్ని మార్చి తీరాలి.

కొత్త పట్టికలో అవగాహనను, విశ్లేషణను కలిపి కారణ వివరణకు 8, సమాచార సేకరణకు 6, భాషకు 4, అలంకరణ స్థానంలో అమరికకు 2 ఇచ్చాము. ఒక వరుసలో పొందిన స్థాయిని 4తో భాగించి ఆ వరుస మార్కులతో గుణించాలి. అమ్మాయికి కారణ వివరణలో 8, సేకరణలో 6, భాషలో 2, అమరికలో అర మార్కు, మొత్తం 16.5 వచ్చింది. రెండో నివేదికకు 4, 3, 4, 2 కలిసి 13 వచ్చింది.

ఇంకొక చోటు చూడాలి. ఒక వరుసకు 8 మార్కులు కేటాయించినా తరగతిలో అందరికీ అందులో 6 పడుతుంటే, పిల్లల మధ్య తేడాను ఆ వరుస ఏమాత్రం నిర్ణయించదు, 2 మార్కుల అమరికతో సహా మిగిలిన వరుసలే ఎవరు ముందో తేలుస్తాయి. అలా జరిగినప్పుడు మార్కులు పెంచినా ఉపయోగం లేదు, ఆ వరుస స్థాయిల వర్ణనలను రెండో మెట్టులో చెప్పినట్టు తిరిగి రాయాలి. కింది స్థాయికి 0 బదులు 1 ఇచ్చే పట్టికలనూ సరిచేయాలి. పాత పట్టికలో అలా ఇవ్వడం వల్ల, ఖాళీ కాగితం తెచ్చిన పిల్లవాడికి కూడా అయిదు వరుసల్లో కలిపి 5 మార్కులు పడేవి. అందుకే "కారణం లేదు" వంటి గడిని నాలుగు స్థాయిలకూ బయట, 0 గా ఉంచి, దాని పైన మరొక స్థాయి రాసుకోవడం మేలు.

మార్పులన్నీ పూర్తయ్యాక అవే నాలుగు నివేదికలకు మరొకసారి రెండు రంగుల గీతలు గీసి, ఇద్దరూ విడివిడిగా స్థాయిలు వేసి చూసుకున్న తరువాతే కొత్త పట్టికను పిల్లల చేతికి ఇవ్వండి. వాళ్లు కాలువ గట్టుకు వెళ్లకముందే అది వాళ్ల పుస్తకంలో అతికించి ఉండాలి.