పాత కంపెనీ కాగితాలు, 3వ పాఠం: ‘ఏది ఆగింది?’ అని అడగడం

రిలీవింగ్ లెటర్‌కి, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌కి తేడా మొదటి పాఠంలో చూశాం. రాజీనామా ఆమోదించాం, ఫలానా తేదీన బాధ్యతల నుంచి తప్పించాం అని చెప్పేది మొదటిది. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఏ హోదాలో పనిచేశారో చెప్పేది రెండోది. చాలా కంపెనీలు రెండూ కలిపి ఒకే కాగితంలో ఇస్తాయి, అలా ఇచ్చినా ఇబ్బంది లేదు. ఈ పాఠం మాత్రం, అడిగినా రాని లెటర్ గురించి.

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసి మానేశాడు, చివరి పని దినం 2023 జూన్ 30. ఇంటి నుంచే పని కాబట్టి లాప్‌టాప్‌ని వరంగల్ నుంచి కొరియర్‌లో పంపించాడు. ఆగస్టు వచ్చినా లెటర్లు రాలేదు. కొత్త కంపెనీవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి కాగితాలు పెట్టమని రోజూ అడుగుతుంటే టెన్షన్ పడిపోయి పాత హెచ్‌ఆర్‌కి మూడు మెయిల్స్ పెట్టాడు. మూడింటిలోనూ ఒకటే మాట: దయచేసి నా రిలీవింగ్ లెటర్ పంపండి. మూడింటికీ ఒకటే జవాబు: ప్రాసెస్‌లో ఉంది.

ఇక్కడ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మెయిల్ రాసే పద్ధతే మారిపోతుంది. హెచ్‌ఆర్ లెటర్ విడుదల చేయాలంటే ముందు నో డ్యూస్ పూర్తవ్వాలి, అంటే మేనేజర్, ఐటీ, అడ్మిన్, ఫైనాన్స్ నలుగురూ ఈ మనిషి నుంచి మాకు రావలసిందేమీ లేదని ఒప్పుకోవాలి. వాళ్లలో ఒక్కరు టిక్ పెట్టకపోయినా లెటర్ కదలదు. మన మెయిల్‌కి జవాబిచ్చే అమ్మాయి ఆ టిక్ తను పెట్టలేదు, చాలాసార్లు ఎవరి దగ్గర ఆగిందో వెతికి చూడదు కూడా. అందుకే లెటర్ ఇవ్వమని అడగడం కాదు, నా నో డ్యూస్‌లో ఏ విభాగం పెండింగ్‌లో ఉందో చెప్పండి అని అడగాలి. ఆ ప్రశ్నకి ‘ప్రాసెస్‌లో ఉంది’ అనేది జవాబు కాదు.

వాడు అలా అడిగాక తేలింది, ఐటీ విభాగంలో లాప్‌టాప్ వాపసు వచ్చినట్టు నమోదు కాలేదని. పెట్టె రిసెప్షన్‌లో దిగింది, ఐటీ వరకు వెళ్లలేదు. అప్పుడు కూర్చుని నాలుగో మెయిల్ రాశాం. మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాయాలి, నేను అందులోని విషయం చెబుతాను. సబ్జెక్టులో పేరు, ఎంప్లాయీ ఐడీ, చివరి పని దినం, కావలసిన రెండు లెటర్ల పేర్లు. లోపల మొదటి వాక్యంలోనే, లాప్‌టాప్ సీరియల్ నంబర్ ఇది, ఫలానా తేదీన మీ ఆఫీసులో డెలివరీ అయింది, కొరియర్ డెలివరీ రసీదు జతచేశాను, ఐటీ క్లియరెన్స్ నమోదు చేయించండి అని. తర్వాత రాజీనామా ఆమోదించిన మెయిల్ జత. చివర, కొత్త కంపెనీ గడువు తేదీ, లెటర్లు రావలసిన పర్సనల్ మెయిల్ అడ్రస్. ఐటీ వాళ్లనీ, పాత మేనేజర్‌నీ కాపీలో పెట్టాం. కోపం ఒక్క ముక్క కూడా లేదు, ఎందుకంటే రేపు వెరిఫికేషన్ మెయిల్ వచ్చేది ఆ హెచ్‌ఆర్‌కే. నాలుగు రోజుల్లో రెండు లెటర్లూ వచ్చేశాయి.

మీ దగ్గర ఆగింది ఫైనాన్స్‌లో అయితే, ఉదాహరణకి నోటీసు పీరియడ్ 60 రోజులకి 45 రోజులే చేసి ఉంటే, ఆ 15 రోజులకి ఎంత కట్టాలో ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క మెయిల్‌లో పంపమని అడగండి. ఫోన్లో చెప్పిన అంకెకి డబ్బు వేయకండి.

లెటర్ రాగానే సంబరపడి కొత్త కంపెనీకి పంపేయొద్దు. పేరు స్పెల్లింగ్, చేరిన తేదీ, వదిలిన తేదీ చూడండి. తర్వాత ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్ తెరిచి `View > Service History` లో ఎగ్జిట్ తేదీతో పోల్చండి. మావాడికి లెటర్‌లో జూన్ 30, పోర్టల్‌లో జూన్ 29. ఒక్క రోజే కదా అనిపిస్తుంది, కానీ వెరిఫికేషన్ చేసేవాళ్లు చూసేది తేదీలు కలిశాయా లేదా అని. పోర్టల్‌లో పడిన తప్పు తేదీ దిద్దాలంటే జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి, దానికి పాత కంపెనీ ఆమోదం అవసరం పడవచ్చు. కాబట్టి హెచ్‌ఆర్ మీ మెయిల్స్‌కి ఇంకా జవాబిస్తున్నప్పుడే ఇదీ అడిగేయండి. అసలు ఎగ్జిట్ తేదీయే వేయకపోతే మాత్రం, చివరి పీఎఫ్ జమ అయ్యాక రెండు నెలలు ఆగి `Manage > Mark Exit` లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు.

వచ్చే పాఠానికి ముందు మీ రాజీనామా ఆమోదం మెయిల్, చివరి మూడు పే స్లిప్పులు, ఆఫీసు వస్తువులు వాపసు ఇచ్చిన రసీదు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. పాత కంపెనీ మూతపడి, అడగడానికి హెచ్‌ఆరే లేనప్పుడు వాటితో ఏం చేయాలో 4వ పాఠంలో చూద్దాం.